గ్లిజరిన్ ట్యాంకులో బుష్‌వెల్డ్: క్రోమైట్ పొర కట్టించే ప్రాజెక్టు డైరీ

కావలసింది ఒక్కటే: ట్యాంకు అడుగున నల్లగా, కత్తితో గీసినట్టు కనబడే పొర, క్రోమియం ఖనిజమైన క్రోమైట్‌ది. నమూనాగా పెట్టుకున్నది దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్ కాంప్లెక్సు. దాదాపు 205 కోట్ల ఏళ్ల కిందట భూగర్భంలోకి చొరబడిన మాగ్మా అక్కడే నెమ్మదిగా చల్లారి, 7 నుంచి 9 కిలోమీటర్ల మందాన పొరలు పొరలుగా గడ్డకట్టింది. ఇలాంటివాటినే లేయర్డ్ ఇంట్రూజన్లు అంటారు. అందులో ఎల్‌జీ6 అని పిలిచే క్రోమైట్ పొర మందం సుమారు ఒక మీటరే, కానీ పదుల కిలోమీటర్ల పొడవునా అదే మందంతో సాగిపోతుంది. పైనా కిందా పైరాక్సీన్ రాయి, మధ్యలో దాదాపు క్రోమైటే.

ఈ పొర ఎలా కట్టిందన్నదానికి పుస్తకాల్లో ఒక్క ముక్కలో జవాబు ఉంటుంది: క్రోమైట్ బరువు ఎక్కువ, కాబట్టి అడుగుకు చేరింది. ఈ జవాబును ట్యాంకులో పరీక్షిస్తే ఏమైంది, ఇలాంటి పొరలు పెద్ద మాగ్మా గదుల్లోనే ఎందుకు కడతాయి అన్నదే ఈ డైరీ. ఎవరైనా చేయాలనుకుంటే కొలతలన్నీ ఉన్నాయి, వాడుకోండి.

## దశ 1: ట్యాంకు కొనకముందు లెక్క

ద్రవంలో చిన్న గింజ ఎంత వేగంతో దిగుతుందో స్టోక్స్ సూత్రం చెబుతుంది. గింజకూ ద్రవానికీ మధ్య సాంద్రతలో ఎంత తేడా ఉంటే వేగం అంత పెరుగుతుంది. ద్రవం స్నిగ్ధత ఎంత ఎక్కువైతే వేగం అంత తగ్గుతుంది. కానీ గింజ వ్యాసార్థం మాత్రం వర్గంగా వస్తుంది. తర్వాత జరిగిన గొడవంతా ఈ వర్గం దగ్గరే.

```python
g = 9.8
year = 3.15e7
def v(d_mm, d_rho, eta):
    r = d_mm / 2000
    return 2/9 * d_rho * g * r**2 / eta

print(v(0.2, 1800, 30) * year)
print(v(2.0, 600, 30) * year)
```

మాగ్మా సాంద్రత ఘనపు మీటరుకు 2700 కిలోలు, స్నిగ్ధత 30 పాస్కల్-సెకన్లు అనుకున్నాను. బసాల్ట్ తరహా మాగ్మాకు ఈ అంకెలు నప్పుతాయి. క్రోమైట్ సాంద్రత 4500. అదే మాగ్మాలో పుట్టే ఆకుపచ్చ ఖనిజం ఆలివిన్‌ది 3300. క్రోమైట్ స్ఫటికాలు సాధారణంగా మిల్లీమీటరులో అయిదో వంతు దాకా ఉంటాయి. ఆలివిన్ సులువుగా రెండు మిల్లీమీటర్లకు పెరుగుతుంది.

మొదటి లైను 41 ఇచ్చింది, రెండోది 1372. అంటే క్రోమైట్ ఏడాదికి 41 మీటర్లు దిగుతుంటే, దానికన్నా తేలికైన ఆలివిన్ 1372 మీటర్లు దిగుతుంది. సాంద్రతలో క్రోమైట్‌కు మూడు రెట్ల మొగ్గుంది. పరిమాణంలో ఆలివిన్ పది రెట్లు పెద్దది కాబట్టి దాని మొగ్గు వంద రెట్లు. పందెంలో క్రోమైట్ చిత్తుగా ఓడిపోయింది.

సమయం మాత్రం సమస్య కాదని ఇక్కడే తేలింది. ఏడాదికి 41 మీటర్లంటే కిలోమీటరు లోతు మాగ్మాను పాతికేళ్లలో దాటేయొచ్చు. అంత పెద్ద గది చల్లారడానికి వేల ఏళ్లు పడుతుంది. కాబట్టి అడగాల్సింది "క్రోమైట్ దిగగలదా?" అని కాదు, "మిగతావి లేకుండా ఒక్కటే ఎలా దిగింది?" అని.

ఇప్పటిదాకా లెక్క: దిగే వేగం చాలు. వేరుపడటం ఎలాగో తెలియదు.

## దశ 2: సరుకు, పరికరాలు

1. క్రోమైట్ ఇసుక. ఫౌండ్రీల్లో పోతపోసే అచ్చులకు వాడతారు కాబట్టి వాళ్లకు సరుకు వేసే దుకాణంలో దొరికింది.
2. ఆలివిన్ ఇసుక. ఇదీ ఫౌండ్రీ సరుకే, లేత ఆకుపచ్చ రంగు.
3. గ్లిజరిన్ 5 కిలోలు, అంటే దాదాపు 4 లీటర్లు.
4. 20 × 10 సెంటీమీటర్ల అడుగు ఉన్న అక్రిలిక్ ట్యాంకు, ఒక లీటరు కొలజాడీ.
5. జల్లెడలు, 2 మిల్లీమీటర్ల స్టీలు బాల్స్, థర్మామీటరు, లక్స్ మీటరు యాప్ ఉన్న ఫోను.

ఇసుక అసలుదో కాదో రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. గింజల్ని పింగాణీ టైలు వెనకవైపు గరుకు మీద రుద్దితే గోధుమరంగు గీత పడాలి. నల్లగీత పడి, అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే అది మాగ్నెటైట్. తర్వాత 100 గ్రాముల ఇసుకను కొలజాడీలోని నీళ్లలో పోశాను, ఒక చుక్క సబ్బునీళ్లు కలిపి బుడగలు పోయేదాకా తట్టాను. నీటిమట్టం 22 మిల్లీలీటర్లు పెరిగింది. అంటే సాంద్రత 4.5. సబ్బు లేకుండా చేస్తే బుడగలు గింజలకు పట్టుకుని 4.2 చూపించింది, ఆ అంకెను నమ్మకండి.

గ్లిజరిన్‌తో అసలు తలనొప్పి స్నిగ్ధతే. డబ్బా మీద రాసి ఉన్న శాతాన్ని పట్టుకుని పట్టికలోంచి అంకె తీస్తే కుదరదు. స్వచ్ఛమైన గ్లిజరిన్ స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1.41, 30 డిగ్రీలకు 0.61. పొద్దున చేసిన కొలతకూ మధ్యాహ్నం చేసిన కొలతకూ పొంతన లేకపోవడానికి ఆ పది డిగ్రీల తేడా చాలు. అందుకే ప్రతి కొలతకు ముందు స్టీలు బాల్ వేసి చూడటం అలవాటు చేసుకున్నాను:

1. 6 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కొలజాడీలో గ్లిజరిన్ నింపాలి, 20 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు పెట్టాలి.
2. బాల్‌ను ముందు గ్లిజరిన్‌లో తడిపి, సరిగ్గా మధ్యలో వదలాలి. పొడిబాల్ గాలిబుడగను వెంట తీసుకుపోతుంది.
3. రెండు గీతల మధ్య పట్టిన సెకన్లను 0.066తో గుణిస్తే స్నిగ్ధత వస్తుంది. గోడల వల్ల తగ్గే వేగం ఈ అంకెలోనే కలిసి ఉంది. బాల్ సైజు గానీ జాడీ వెడల్పు గానీ మారితే అంకె మారుతుంది.

కొత్త డబ్బాతో 30 డిగ్రీల దగ్గర 9.1 సెకన్లు, అంటే 0.60. బాగానే ఉంది. ఇసుక కలిపిన తర్వాత అదే ఉష్ణోగ్రతలో 6.2 సెకన్లు వచ్చింది, అంటే 0.41. మూడో వంతు స్నిగ్ధత ఎటు పోయిందని వెతికితే ఇసుకలో తేలింది. కడిగి ఎండబెట్టిన ఇసుక పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంది. గ్లిజరిన్‌లో రెండు శాతం నీరు చేరితే చాలు, స్నిగ్ధత అంత పడిపోతుంది. అప్పట్నుంచి ఇసుకను ఇనుప మూకుడులో పొగలు ఆగేదాకా వేయించి, చల్లార్చి, మూతపెట్టిన సీసాలోనే ఉంచుతున్నాను.

ఆ చెమ్మ ఇసుక ఇంకో సంగతి కూడా చూపించింది. గింజలు పది పన్నెండు చొప్పున ముద్దకట్టి, విడి గింజల్ని దాటుకుంటూ అడుగుకు చేరిపోయాయి. ట్యాంకులో అది చెమ్మ పని. మాగ్మాలో క్రోమైట్ స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తులు కట్టడం నిజంగానే రాళ్లలో కనిపిస్తుంది. ఒక మిల్లీమీటరు గుత్తిలో 60 శాతం క్రోమైట్, మిగతాది మధ్యలో చిక్కిన మాగ్మా అనుకుని లెక్కిస్తే ఏడాదికి 600 మీటర్ల పైన వస్తుంది. విడి గింజ వేగానికి ఇది పదిహేను రెట్లు. ఈ అంకెను పక్కన రాసిపెట్టుకున్నాను.

ఇప్పటిదాకా లెక్క: స్నిగ్ధత 0.60, ఇసుక పొడి. క్రోమైట్ విడిగింజగా 41, గుత్తిగా 600 మీటర్లు.

## దశ 3: ఒక్కో గింజ వేగం

జల్లెడ పట్టి క్రోమైట్ 0.21–0.25 మిల్లీమీటర్ల భాగం, ఆలివిన్ 0.85–1.0 మిల్లీమీటరు భాగం తీసుకున్నాను. కొలజాడీలో 20 సెంటీమీటర్లు దిగడానికి:

- క్రోమైట్: లెక్క ప్రకారం 21 నిమిషాలు, కొలిస్తే 25 నిమిషాల దగ్గర.
- ఆలివిన్: లెక్క ప్రకారం 125 సెకన్లు, కొలిస్తే 145.

రెండూ లెక్కకన్నా పదిహేను శాతం దాకా నిదానం. భూతద్దంలో చూస్తే కారణం తెలిసింది. స్టోక్స్ సూత్రం గుండ్రటి గోళానికి రాసింది, ఫౌండ్రీ ఇసుక మూలలు తేలిన పెంకుల్లా ఉంది. అందుకని ఇకపై లెక్కలో వచ్చిన ప్రతి వేగాన్నీ 0.85తో గుణించాను. ఈ తేడా రెండింటికీ ఒకేలా ఉంది కాబట్టి పోలికకు ఇబ్బంది లేదు. ఆలివిన్ పది రెట్లు ముందుంది.

గింజలు ఒక్కొక్కటిగా కాకుండా గుంపుగా దిగితే మరింత నెమ్మదిస్తాయి. ద్రవంలో పదో వంతు గింజలే ఉంటే వేగం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. దిగే గింజలు తోసేసిన ద్రవం వాటి మధ్యనుంచే పైకి రావాలి కదా. అందుకే గుప్పెడు ఇసుక ఒక్కసారిగా పోసి వేగం కొలవకండి.

ఇక్కడే నమూనా లోపం ఒకటి చెప్పాలి. మాగ్మాలో క్రోమైట్, ఆలివిన్ సాంద్రతల తేడా నిష్పత్తి 3. గ్లిజరిన్ తేలిక కాబట్టి ట్యాంకులో అది 1.6కు తగ్గిపోతుంది. మాగ్మాలో 0.2 మిల్లీమీటర్ల క్రోమైట్‌తో సమానంగా దిగేది 0.35 మిల్లీమీటర్ల ఆలివిన్. ట్యాంకులో 0.25 మిల్లీమీటర్లదే. అంటే ట్యాంకు క్రోమైట్‌కు అన్యాయం చేస్తోంది. అయినా రాళ్లలోని ఆలివిన్, పైరాక్సీన్ గింజలు ఆ 0.35 కన్నా ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి ఫలితం తిరగబడదు.

## దశ 4: రెండూ కలిపి వదిలితే

మామూలు మాగ్మా చల్లారేటప్పుడు ఆలివిన్, క్రోమైట్ కలిసే పుడతాయి. అయితే బరువులో సుమారు 98 పాళ్లు ఆలివిన్, 2 పాళ్లే క్రోమైట్. అదే పాళ్లలో 490 గ్రాముల ఆలివిన్, 10 గ్రాముల క్రోమైట్ తీసుకుని ట్యాంకులో 15 సెంటీమీటర్ల గ్లిజరిన్‌లో బాగా కలిపి వదిలేశాను.

మూడు నాలుగు నిమిషాల్లోపే ఆలివిన్ అంతా అడుగున 13 మిల్లీమీటర్ల పచ్చటి మెత్తలా పేరుకుంది. క్రోమైట్ నింపాదిగా దాని మీద రాలింది. తెల్లారి చూస్తే పచ్చటి పొర మీద బూడిదరంగు నలుసు, పొర అనడానికే లేదు. పది గ్రాముల క్రోమైట్‌ను ఆ అడుగంతా పరిస్తే మందం 0.2 మిల్లీమీటర్లు. అంటే ఒక్క గింజ ఎత్తు. అందులోనూ కొంత ఆలివిన్ గింజల సందుల్లోకి జారిపోయింది.

రెండు విషయాలు తేలాయి. మొదటిది, క్రోమైట్ అడుగున కాక పైన చేరింది. రెండోది, అది ఉన్నదే తక్కువ. ఈ పాళ్లతోనే ఒక మీటరు క్రోమైట్ రాయి కావాలంటే దాంతోపాటు అరవై మీటర్లకు పైగా ఆలివిన్ కూడా పడాలి, ఆ తర్వాత రెండూ ఎవరో ఏరినట్టు విడిపోవాలి. సాంద్రత ఒక్కదానితో ఆ పని కాదని ట్యాంకు కళ్లముందే చూపించింది.

ఇప్పటిదాకా లెక్క: క్రోమైట్ పొర 0.2 మిల్లీమీటర్లు, అదీ తప్పు చోట.

## దశ 5: కదిలే ద్రవం

తర్వాత వచ్చిన అనుమానం సహజమైనదే. మాగ్మా నిలకడగా ఉండదు. కప్పు దగ్గర చల్లారిన భాగం బరువెక్కి కిందికి, వేడి భాగం పైకి తిరుగుతూ ఉంటుంది. ఆ ప్రవాహం సెకనుకు ఒక్క మిల్లీమీటరు కదిలినా రోజుకు 86 మీటర్లు. మన క్రోమైట్ విడిగింజ దిగేది రోజుకు 11 సెంటీమీటర్లు. మరి గింజలు ఎప్పటికీ తేలుతూనే ఉండాలి కదా?

1988లో డేనియల్ మార్టిన్, రోజర్ నోక్స్ దీనికి చక్కటి జవాబిచ్చారు. ప్రవాహం ఎంత జోరుగా ఉన్నా అడుగు దగ్గరకు వచ్చేసరికి దాని నిలువు వేగం సున్నా అవుతుంది. ఆ పలచటి పొరలోకి వచ్చిన గింజ మామూలు వేగంతోనే దిగి అడుగును అంటుకుంటుంది. కాబట్టి తేలుతున్న గింజల సంఖ్య ఒక్కసారిగా కాక, ప్రతి నిర్ణీత సమయానికీ సగం చొప్పున తగ్గుతుంది. ఆ సమయం 0.69 × ద్రవం ఎత్తు ÷ గింజ వేగం.

దీన్ని చూడాలంటే గింజ వేగం ప్రవాహం వేగం కన్నా బాగా తక్కువుండాలి. అందుకని 0.075–0.1 మిల్లీమీటర్ల సన్న క్రోమైట్ వాడాను. గ్లిజరిన్ పైన ఐసు నింపిన స్టీలు ట్రే తగిలేలా ఆనించాను.

మొదట లీటరుకు 20 గ్రాముల ఇసుక కలిపాను. ప్రవాహం పుట్టనే లేదు. పైన తేటపడిన పొర, కింద నల్లటి పొర, మధ్యలో పదునైన గీత, అంతే. కారణం బరువు లెక్కలో దొరికింది. లీటరుకు 20 గ్రాముల క్రోమైట్ వల్ల ద్రవం మొత్తం సాంద్రత ఒక శాతానికి పైగా పెరుగుతుంది. అదే మార్పు ఉష్ణోగ్రతతో తేవాలంటే ఇరవై డిగ్రీల పైనే తేడా కావాలి. ఐసు చల్లదనం గింజల బరువును దాటలేకపోయింది. ఇది ట్యాంకు సమస్య మాత్రమే కాదు. గింజలు ఎక్కువున్న మాగ్మా కూడా ఇలాగే బరువైన ముద్దగా కిందికి జారుతుంది. ఆ సంగతి దశ 7లో పనికొచ్చింది.

రెండో పద్ధతి:

1. ఇసుక లీటరుకు 2 గ్రాములకు తగ్గించాను, మొత్తం 6 గ్రాములు.
2. ఇంత తక్కువ ఇసుకను పిపెట్‌తో తీసి తూచడం 0.01 గ్రాము తక్కెడతో కాదు. అందుకని ట్యాంకుకు ఒకవైపు ఎల్‌ఈడీ, రెండోవైపు ఫోను పెట్టి లక్స్ చదివాను. బ్యాటరీ టార్చి వెలుగు గంటలోనే తగ్గిపోయింది. యూఎస్‌బీ దీపం నిలకడగా ఉంది.
3. ట్రే కింద చెమ్మ పట్టి నీటిచుక్కలు గ్లిజరిన్‌లోకి దిగుతున్నాయి. ట్యాంకు నోటికి, ట్రే చుట్టూ ప్లాస్టిక్ ఫిల్ము బిగించాక ఆగింది.

తేట గ్లిజరిన్‌లో 400 లక్స్. ఇసుక కలిపిన వెంటనే 192. ఐసు లేకుండా వదిలిన ట్యాంకులో దాదాపు 50 నిమిషాలు ఆ అంకె కదల్లేదు. తర్వాత ఎక్కడం మొదలై, గంటన్నరకు 390 దగ్గర నిలిచింది. గింజల పైఅంచు దీపం ముందునుంచి దాటిపోయిందన్నమాట.

ఐసు పెట్టిన ట్యాంకులో మధ్యలో 27 డిగ్రీలు, స్నిగ్ధత 0.79. సగానికి తగ్గే సమయం లెక్క ప్రకారం 110 నిమిషాలు. కొలిచినవి: మొదట 192, 110 నిమిషాలకు 270, 220 నిమిషాలకు 322. వీటిని గింజల లెక్కలోకి మారిస్తే 100 శాతం, 54 శాతం, 30 శాతం. రావాల్సినవి 50, 25. జల్లెడ దాటొచ్చిన ఇంకా సన్నటి పొడి చివరిదాకా తేలడం వల్లే ఆ నాలుగైదు శాతం తేడా వచ్చిందని నా అంచనా. చివర్లో మిగిలింది నల్లగింజలు కాదు, టీనీళ్ల రంగు మసక.

ఇప్పటిదాకా లెక్క: ప్రవాహం గింజల్ని ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. క్రోమైట్ ఒక్కటే ఉన్న ట్యాంకు కాబట్టి అడుగున పడింది మాత్రం శుద్ధమైన నల్లటి పొర. వెంట్రుకంత మందం, అయినా మొదటిసారి సరైన చోట.

## దశ 6: అసలు తాళం: క్రోమైట్ ఒక్కటే పుట్టడం

దశ 5లో పొర ఎందుకు శుభ్రంగా వచ్చింది? నేను ఆలివిన్ వేయలేదు కాబట్టి. ప్రకృతిలో ఆలివిన్ వేయకుండా ఆపేదేమిటి?

1977లో టి. ఎన్. ఇర్విన్ చూపిన దారి ఇది. మాగ్మాలో ఆలివిన్ ఎంత, క్రోమైట్ ఎంత కరిగి ఉండగలదో గీస్తే, రెండూ కలిసి పుట్టే గీత నిటారుగా ఉండదు, వంగి ఉంటుంది. చల్లారుతున్న మాగ్మా ఆ వంపు వెంబడి నడుస్తుంది. గదిలో కొంత ముదిరిన మాగ్మా ఉండగా కిందనుంచి తాజా మాగ్మా వచ్చి కలిసిందనుకోండి. రెండూ వంపు మీదున్నవే. కానీ వాటి మిశ్రమం ఆ రెంటినీ కలిపే సరళరేఖ మీద ఉంటుంది. వంపు గీతలో రెండు చోట్ల దారం కట్టి లాగితే దారం వంపుకు ఒక పక్కన పడుతుంది కదా, ఆ పక్క క్రోమైట్ ఒక్కటే పుట్టే ప్రాంతం. మిశ్రమం మళ్లీ వంపును చేరేదాకా ఆలివిన్ పుట్టదు, క్రోమైటే రాలుతుంది. చుట్టూ ఉన్న సిలికా ఎక్కువున్న రాయి కరిగి మాగ్మాలో కలిసినా ఇలాంటి ఫలితమే రావచ్చు.

ఇది గ్లిజరిన్‌తో చేసేది కాదు, అందుకే కాగితం మీద లెక్క. ఎల్‌జీ6 చదరపు మీటరుకు క్రోమియం ఎంత కావాలి?

1. ఒక మీటరు పొర, సాంద్రత 4200. బరువు 4200 కిలోలు.
2. అందులో క్రోమియం ఆక్సైడ్ సుమారు 45 శాతం: 1890 కిలోలు.
3. అందులో క్రోమియం 68.4 శాతం: 1293 కిలోలు.
4. మాగ్మాలో క్రోమియం వెయ్యి పీపీఎం అనుకుంటే ఘనపు మీటరుకు 2.7 కిలోలు.
5. అందులో 30 శాతం మాత్రమే క్రోమైట్‌గా రాలితే 0.81 కిలోలు.

భాగిస్తే సుమారు 1600 మీటర్లు. ఒక్క మీటరు పొరకు దాని నెత్తిన కిలోమీటరున్నర పైన మాగ్మా తన క్రోమియంను దించాలి. ఉన్న క్రోమియం అంతా ఊడ్చి తీసినా 480 మీటర్లు తప్పదు. పైగా బుష్‌వెల్డ్‌లో క్రిటికల్ జోన్ అనే భాగంలో ఇలాంటి పొరలు ఎల్‌జీ1 నుంచి యూజీ2 దాకా డజనుకు పైనే ఉన్నాయి. అన్నింటికీ ఒకే మాగ్మా సరిపోదు. కొత్త మాగ్మా మళ్లీ మళ్లీ వచ్చి, క్రోమియం దింపేసి, ఎటో బయటికి పోయి ఉండాలి. "పెద్ద గదుల్లోనే ఎందుకు" అన్నదానికి జవాబు నాకు ఈ భాగహారంలో దొరికింది. చిన్న గదిలో గింజలు ఇంకా త్వరగా దిగుతాయి. అయితే దిగడానికి సరుకే ఉండదు.

ఇప్పటిదాకా లెక్క: 1 మీటరు క్రోమైట్ = 480 నుంచి 1600 మీటర్ల మాగ్మా.

## దశ 7: ఏటవాలు ట్యాంకు

క్రోమైట్ ఒక్కటే పుట్టకపోయినా విడిపోయే దారి ఇంకొకటుంది. అడుగున పేరుకున్న గింజల ముద్ద గట్టిపడకముందే గది నేల మధ్యలో కుంగితే, ఆ ముద్ద పల్లానికి జారుతుంది. జారేటప్పుడు గింజలు కదిలి సందులు తెరుచుకుంటాయి, చిన్నవి కిందికి రాలతాయి. బుష్‌వెల్డ్ విషయంలో కొందరు పరిశోధకులు గట్టిగా చెప్పే మాట ఇది.

ట్యాంకులో 400 గ్రాముల ఆలివిన్, 100 గ్రాముల క్రోమైట్ పేర్చి, ఒకవైపు 12 డిగ్రీలు ఎత్తి, అడుగును రబ్బరు సుత్తితో నిదానంగా తడుతూ పోయాను.

0.23 మిల్లీమీటర్ల క్రోమైట్‌తో ఏమీ కాలేదనే చెప్పాలి. గింజల సైజుల నిష్పత్తి 4. బిగుతుగా పేర్చిన గోళాల సందులోంచి చిన్నది దానంతటదే జారాలంటే నిష్పత్తి ఆరున్నర దాటాలి. సన్న క్రోమైట్‌కు మారాను, నిష్పత్తి 10 అయింది. ఈసారి తట్టుతున్నంతసేపూ పచ్చటి గింజల మధ్యనుంచి నల్లటి తీగలు దిగడం గోడలోంచి కనిపించింది. చివరికి పల్లపు కొసన 4 మిల్లీమీటర్ల నల్లపొర, పైకి పోతూ పలచబడి 8 సెంటీమీటర్ల దగ్గర మాయమైంది. పైఅంచు మాత్రం ఎల్‌జీ6లా పదునుగా లేదు. పొరలో అక్కడక్కడా ఆలివిన్ గింజలు ఇరుక్కున్నాయి. క్రోమైట్‌ను 2 శాతానికి తగ్గిస్తే తీగలు దిగాయి గానీ పొర కలవలేదు.

కాబట్టి ఈ దారి పనిచేస్తుంది, కానీ ముద్దలో ముందే క్రోమైట్ దండిగా ఉంటేనే. పదుల కిలోమీటర్లు ఒకే మందంతో సాగే పొరను జారుడు ఒక్కటే చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాదు. దశ 6 సరుకు ఇస్తే దశ 7 దాన్ని శుభ్రం చేసిందంటే ఒప్పుకుంటాను.

మన దగ్గరి క్రోమైట్ చూసి ఇవన్నీ సరిపోల్చుకుందామంటే అంత తేలిక కాదు. కృష్ణా తీరంలోని కొండపల్లి కొండల్లోనూ క్రోమైట్ ఉంది, అదీ పొరల చొరబాటు శిలల్లోదే. కానీ తర్వాతి కాలంలో లోతైన వేడికీ ఒత్తిడికీ ఆ రాళ్లు నలిగి మడతలు పడ్డాయి. పొరలు తెగి కటకాల్లా, ముద్దల్లా మిగిలాయి. అక్కడ ఏది పైపొరో ఏది కిందిదో తేల్చడమే ఒక పని.

## దశ 8: చూరు పరీక్ష

బుష్‌వెల్డ్‌లోని మెరెన్‌స్కీ రీఫ్ అనే పొర దగ్గర మాగ్మా గది నేల కోసుకుపోయి గుంటలుగా మారిన చోట్లున్నాయి, పాథోల్స్ అంటారు. కొన్ని గుంటల అంచులు లోపలికి తొలుచుకుపోయి చూరులా వేలాడుతుంటాయి. ఆ చూరు కిందిభాగానికి కూడా పలచటి క్రోమైట్ పొర అంటుకుని ఉంటుంది.

ట్యాంకు గోడకు 5 సెంటీమీటర్ల అక్రిలిక్ పలకను అడ్డంగా అతికించి, సన్న క్రోమైట్‌తో దశ 5ను అలాగే మళ్లీ చేశాను, ఐసుతో ఒకసారి, లేకుండా ఒకసారి. పలక పైన నల్లటి పొర చక్కగా పడింది. పలక కింది ముఖాన్ని తెల్లకాగితంతో తుడిచి భూతద్దంలో చూశాను. రెండుసార్లూ ఒక్క గింజ లేదు. ప్రవాహం గింజల్ని చూరు కిందికి మోసుకెళ్లింది గానీ అంటించలేకపోయింది.

రాలడం ఒక్కటే నిజమైతే చూరు కింద పొర ఉండకూడదు. కనీసం అలాంటి చోట్ల క్రోమైట్ ఆ గోడ మీదే మొలిచి పెరిగిందనే వాదనకు ఇది బలం. గ్లిజరిన్‌లో స్ఫటికం పెరగదు కాబట్టి ఈ ట్యాంకుతో ఇంతకుమించి సాగదు. తర్వాతి దశకు పటిక తెచ్చిపెట్టాను. వేడినీటిలో చిక్కగా కరిగించి, అదే పలకను ముంచి, పైనుంచి చల్లార్చాలి. పలక పై ముఖం, కింది ముఖం విడివిడిగా తూచాలి. పలక ఖాళీ బరువు 38.42 గ్రాములు.